పార్శిల్‌లో తప్పు ఎక్కడ దొర్లుతోంది?

ప్రశ్న: నేను ఇంట్లోనే సబ్బులు తయారుచేసి ఆన్‌లైన్‌లో అమ్ముతాను. ఐదు సువాసనలు, ఒక్కోటీ 50 గ్రాములు, 100 గ్రాముల సైజుల్లో. రోజుకు పదిహేను, ఇరవై ఆర్డర్లు ఉంటాయి. రెండు నెలలుగా మా మామయ్యగారు ప్యాకింగ్‌లో సాయం చేస్తున్నారు. ఇష్టంగానే చేస్తారు కానీ వారానికి మూడు నాలుగు ఫిర్యాదులు వస్తున్నాయి. లావెండర్ బదులు లెమన్‌గ్రాస్ వెళ్తుంది, లేదంటే ఒక సబ్బు తక్కువ వెళ్తుంది. మొన్నయితే ఇద్దరి పార్శిళ్లు తారుమారయ్యాయి. పెద్దాయనకు తప్పు చెప్పాలంటే మొహమాటం. అన్నీ నేనే మళ్ళీ విప్పి చూస్తుంటే ఆయన సాయానికి అర్థం లేకుండా పోతోంది. ఆయనకు ఈ పని ఎలా నేర్పాలి?

జవాబు: నేర్పడం తరువాత. ముందు ఈ రెండు నెలల ఫిర్యాదులన్నీ ఒక కాగితం మీద రాసి, మూడు రకాలుగా విడదీయండి. మీరు చెప్పిన మూడు తప్పులూ మూడు వేర్వేరు చోట్ల పుడుతున్నాయి. లావెండర్ బదులు లెమన్‌గ్రాస్ వెళ్ళిందంటే తప్పు సబ్బులు పెట్టే అర దగ్గర జరిగింది. సబ్బు తక్కువైందంటే పెట్టెలో సర్దేటప్పుడు జరిగింది. ఇక పార్శిళ్లు తారుమారు కావడం లేబుల్ అంటించేటప్పుడు జరిగే తప్పు. ఇది ఎప్పుడూ ఒంటరిగా రాదు, కనీసం జంటగా వస్తుంది. ఒకేరోజు పంపిన రెండు పార్శిళ్ల నుంచి ‘ఇది నాది కాదు’ అని ఫోన్లు వస్తే, లోపల సరుకు సర్దిన మనిషిలో లోపం లేదు. ఆయన రెండు పెట్టెలూ సరిగ్గానే సర్ది ఉంటారు. ఒకరి ఫోనే వచ్చినా, రెండోది కూడా ఎక్కడో ఉందనుకుని ఆరోజు పంపినవాళ్ళకు మీరే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

అందుకే ‘కాస్త జాగ్రత్తగా చూడండి మామయ్యా’ అని చెప్పినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. ఆయన ఇప్పటికే జాగ్రత్తగా చూస్తూ ఉండొచ్చు. చూడాల్సింది ఏమిటో, ఎప్పుడో ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

మొదట అర సంగతి చూద్దాం. లావెండర్, లెమన్‌గ్రాస్ రెండూ ‘ల’తోనే మొదలవుతాయి, రెండిటికీ ఒకే కాగితం చుట్టి ఉంటారు, బహుశా పక్కపక్కనే పెట్టి ఉంటారు. పేరు మొత్తం ఎవరూ చదవరు. మొదటి అక్షరం, కాగితం రంగు చూసి చెయ్యి వెళ్ళిపోతుంది. ఇది వయసుకు సంబంధించింది కాదు, మీరైనా హడావిడిలో అదే చేస్తారు. కాబట్టి ఐదు సువాసనలకూ ఐదు అక్షరాలు గుర్తుగా పెట్టండి. పేరులోని అక్షరమే వాడాలని లేదు, అసలు వాడకపోవడమే మేలు. క, గ, ట, న, మ తీసుకోండి. ప, వ, ష లాంటివి ఒకదానికొకటి పోలి ఉంటాయి కనుక వద్దు. లావెండర్ ‘క’ అయితే దాని రెండు సైజులూ క-50, క-100 అవుతాయి. ఒక్కో సువాసనకు ఒక్కో రంగు గుండ్రటి స్టిక్కర్ తెచ్చి, సబ్బు చుట్టిన కాగితం మీదా, అది ఉండే డబ్బా మీదా అదే రంగు అంటించండి. డబ్బా మీద గుర్తు మార్కర్‌తో, రెండు అడుగుల దూరం నుంచి కళ్ళజోడు లేకుండా కనిపించేంత పెద్దగా రాయండి. 50 గ్రాములవి ఒక అరలో, 100 గ్రాములవి వేరే అరలో ఉండాలి. లావెండర్ ఈ చివర ఉంటే లెమన్‌గ్రాస్ ఆ చివర ఉండాలి.

సువాసనలకు అంకెలు కాకుండా అక్షరాలే ఎందుకు పెట్టమన్నానంటే, ఆర్డర్ వివరాలు రాసే స్లిప్ మీద ఇప్పటికే సైజు అంకెలో ఉంటుంది, ఎన్ని కావాలో అదీ అంకెలోనే ఉంటుంది. మూడో అంకె కూడా చేరితే ఏది దేనిదో తెలియదు. ఇదే కారణంతో సంఖ్యను అక్షరాల్లో రాయమంటాను. ‘క-100 రెండు’ అని రాస్తే దాన్ని ఇంకోలా చదవడానికి వీల్లేదు.

ఇప్పుడు స్లిప్. ఆయన ఫోన్‌లో ఆర్డర్ చూసి సబ్బులు తీస్తున్నారేమో గమనించండి. అదే అయితే వెంటనే ఆపించండి. స్క్రీన్ ఆరిపోతుంది, వేలు తగిలి పక్క ఆర్డర్ తెరుచుకుంటుంది, ఎక్కడిదాకా వచ్చారో గుర్తుండదు. ఒక్కో ఆర్డర్‌కు ఒక్కో కాగితం ఉండాలి. పైన ఆర్డర్ నంబర్ పెద్దగా, కింద వరుసకు ఒక రకం, పక్కన రెండు ఖాళీ గళ్ళు. వరుసలు అరలో డబ్బాలు ఉన్న క్రమంలోనే ఉంటే ఆయన ఎడమ నుంచి కుడికి ఒక్కసారి నడిస్తే సరిపోతుంది. కొన్నవాళ్ళు తరువాత మెసేజ్ పెట్టి మార్పులు చెబుతారు కదా, ‘ఒకటి రోజ్ చేయండి’, ‘గిఫ్ట్ కాబట్టి బిల్లు పెట్టకండి’ అని. అలాంటివి నోటిమాటగా ఆయనకు చేరవేయకండి. మీరే ఎర్ర పెన్నుతో స్లిప్ మీద కొట్టేసి రాయండి. స్లిప్ మీద లేనిది పెట్టెలో ఉండకూడదు, అంతే. ఈ నియమం మీకు కూడా వర్తిస్తుంది. వంటింట్లోంచి ‘మామయ్యా, ఆ చివరి ఆర్డర్‌లో ఇంకొకటి వేయండి’ అని కేకేయడం మీరు మానుకోవాలి.

రెండు గళ్ళు ఎందుకో ఒక ఆర్డర్ పట్టుకుని చూద్దాం. నంబర్ 2417 అనుకోండి. లావెండర్ 100 రెండు, లెమన్‌గ్రాస్ 50 ఒకటి, రోజ్ 100 ఒకటి. మామయ్యగారు ఒక ట్రే తీసుకుని అందులో ఈ స్లిప్, దానికి క్లిప్‌తో పెట్టిన అడ్రస్ లేబుల్ వేస్తారు. అర దగ్గరికి వెళ్ళి ఒక్కో రకం ట్రేలో పెట్టగానే మొదటి గడిలో టిక్ కొడతారు. అన్నీ తీశాక కొట్టే టిక్కులకు విలువ లేదు, సబ్బు ట్రేలో పడిన క్షణంలోనే టిక్ పడాలి. ఇలా నాలుగైదు ట్రేలు వరసగా నింపుకోవచ్చు. ఆ తరువాత కాసేపు లేచి, మంచినీళ్ళు తాగి వచ్చి, రెండో గడి మొదలుపెడతారు.

ఈ రెండోసారి దిశ మారాలి. మొదటిసారి కాగితం చూసి సబ్బు తీశారు. ఈసారి సబ్బు చేతిలోకి తీసుకుని, దాని మీద ఉన్న గుర్తు పైకి చదివి, కాగితం మీద ఆ వరుస ఎక్కడుందో వెతకాలి. మళ్ళీ కాగితం చూస్తూ ట్రేలోకి చూస్తే, ఉండాల్సిందే ఉన్నట్టు కంటికి కనిపిస్తుంది. తప్పు దొరకదు. చేతిలో ‘గ-100’ ఉండి, కాగితం మీద ఎంత వెతికినా గ-100 లేదనుకోండి, అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేకుండా ఆయనకే తెలిసిపోతుంది. చూసిన సబ్బు తిన్నగా పెట్టెలోకి వెళ్ళాలి, రెండో గడిలో టిక్ పడాలి. చివరికి ట్రే ఖాళీ కావాలి, గళ్ళన్నీ నిండాలి. ట్రేలో సబ్బు మిగిలినా, కాగితం మీద గడి మిగిలినా పెట్టె మూయకూడదు.

మీ ఇంట్లో వంటకు వాడే చిన్న డిజిటల్ కాటా ఉంటే అది ఇక్కడ బాగా పనికొస్తుంది. ఖాళీ పెట్టె, లోపల వేసే కాగితం కలిపి ఒకసారి తూచండి. 80 గ్రాములు వచ్చిందనుకుందాం. 2417లో సబ్బులు 350 గ్రాములు, మొత్తం 430. స్లిప్ కింద మీరే ముందుగా 430 అని రాసి ఉంచండి. టేప్ వేసేముందు పెట్టెను కాటా మీద పెడితే 330 వచ్చిందంటే ఒక 100 గ్రాముల సబ్బు తక్కువైంది. 480 వచ్చిందంటే లెమన్‌గ్రాస్ 50 బదులు 100 పడింది, లేదా ఒక 50 గ్రాముల సబ్బు ఎక్కువ పడింది. పెట్టె విప్పి వెతక్కుండానే ఏం జరిగిందో దాదాపుగా తెలిసిపోతుంది. అయితే దీనికి హద్దులున్నాయి. లావెండర్ 100 బదులు లెమన్‌గ్రాస్ 100 పడితే బరువు మారదు, కాటా ఏమీ చెప్పదు. దాన్ని పట్టుకునేది రెండో గడి మాత్రమే. పైగా చేత్తో చేసిన సబ్బు ఆరేకొద్దీ తేమ పోయి తేలికవుతుంది కాబట్టి ఒక్కో సబ్బుకు నాలుగైదు గ్రాముల తేడాకు కంగారు పడక్కర్లేదు. కానీ పది పన్నెండు సబ్బుల పెద్ద ఆర్డర్‌లో ఆ చిన్న తేడాలన్నీ కలిసి ఒక 50 గ్రాముల సబ్బంత అవుతాయి. అలాంటివి కాటా మీద వదిలేయకుండా చేత్తో లెక్కపెట్టాలి.

ఇక తారుమారు సంగతి. మీ ఇంట్లో ఇలా జరుగుతూ ఉంటుందని నా అంచనా: ముందు పెట్టెలన్నీ సర్ది టేప్ వేసి వరసగా పేరుస్తారు, తరువాత లేబుల్స్ కట్ట తీసుకుని ఒక్కోటీ అంటిస్తూ వెళ్తారు. వేగంగా అవుతున్నట్టే ఉంటుంది. కానీ మూసిన పెట్టెలన్నీ ఒకేలా ఉంటాయి. మధ్యలో ఒక్క పెట్టె పక్కకు జరిగితే అక్కణ్ణుంచి అన్నీ తప్పే. దీనికి మందు ఒకటే. లేబుల్ మొదటి నుంచీ స్లిప్‌తోనే ట్రేలో ఉండాలి, ఆ పెట్టెకు టేప్ వేసిన వెంటనే అంటించాలి, అంటించే దాకా ఇంకో ట్రే ముట్టుకోకూడదు. సబ్బులు ఐదు ట్రేల్లోకి ఒకేసారి తీసుకోవచ్చు, బల్ల మీద తెరిచిన పెట్టె మాత్రం ఎప్పుడూ ఒక్కటే ఉండాలి. టేప్ వేయకముందే స్లిప్ మీద నంబర్, లేబుల్ మీద నంబర్ పైకి చదివి సరిపోల్చుకోవాలి. అందుకే లేబుల్ ప్రింట్ తీసేటప్పుడే దాని మీద ఆర్డర్ నంబర్ వచ్చేలా చూడండి, రాకపోతే మూలన పెన్నుతో రాయండి. కొన్నవాళ్ళ పేరుతో సరిపోల్చడం మాత్రం వద్దు. ఒకే పేరుతో ఇద్దరుంటారు, ఒకే మనిషి రెండు ఆర్డర్లు పెడతారు.

నంబర్‌ను జంటలుగా చదవమనండి. 2417ను ‘రెండు, నాలుగు, ఒకటి, ఏడు’ అని కాకుండా ‘ఇరవై నాలుగు, పదిహేడు’ అని. పక్కనే 2471 ఉంటే అది ‘ఇరవై నాలుగు, డెబ్బై ఒకటి’ అవుతుంది. కంటికి ఒకేలా ఉన్నవి చెవికి వేరుగా వినిపిస్తాయి.

ఇదంతా కలిపి గోడకు అంటించే చెక్‌లిస్ట్ ఒకటి రాయండి, కానీ పొడుగ్గా రాయకండి. ఇరవై అంశాల జాబితా మొదటి రెండు రోజులు చదువుతారు, మూడోరోజు నుంచి అది గోడకు అలంకారం. మీకు ఆరు చాలు: ట్రేలో స్లిప్, లేబుల్ ఉన్నాయా; తీస్తూ మొదటి టిక్; సబ్బు చదివి పెట్టెలో వేస్తూ రెండో టిక్; బరువు; నంబర్లు పైకి చదివి, స్లిప్ లోపల పెట్టి టేప్; వెంటనే లేబుల్. ‘పెట్టె శుభ్రంగా ఉందా’, ‘టేప్ నిటారుగా ఉందా’ లాంటివి ఇందులో చేర్చకండి. ఆ పనులు ఆయనకు తెలుసు. తెలిసినవి కూడా రాస్తే తెలియనివి కనబడకుండా పోతాయి.

నేర్పేటప్పుడు ఆరూ ఒకేరోజు చెప్పొద్దు. మొదటి మూడు రోజులు ఆయన ట్రేలు నింపడం మాత్రమే చేయాలి. సరిచూసి సర్దడం మీరు ఆయన పక్కనే కూర్చుని చేయండి. అప్పుడు గుర్తులు ఆయన చేతికి అలవాటవుతాయి, మీరెలా చదువుతున్నారో ఆయన వింటారు. తరువాతి మూడు రోజులు పని మార్చుకోండి. మీరు ట్రేలు నింపండి, ఆయన సరిచూసి సర్దాలి. ఇక్కడొక చిన్న పరీక్ష పెట్టొచ్చు. ‘మామయ్యా, ఈ పది ట్రేల్లో ఒకదాంట్లో కావాలనే తప్పు సబ్బు పెట్టాను, పట్టుకోండి చూద్దాం’ అని ముందే చెప్పి పెట్టండి. చెప్పకుండా పెడితే అది పరీక్ష కాదు, అవమానం. ముందే చెబితే ఆయన సరదాగా వెతుకుతారు. దొరికితే రెండో టిక్ ఎందుకో మీరు వివరించాల్సిన పని తప్పుతుంది. దొరక్కపోతే ఆయన సబ్బు మీది గుర్తు చదువుతున్నారో లేక కాగితం చూసి టిక్ కొడుతున్నారో గమనించండి, దాదాపు ఎప్పుడూ రెండోదే అయి ఉంటుంది. ఆ తరువాత మొత్తం పని ఆయనకు అప్పగించి, రోజుకు మూడు పార్శిళ్లు మాత్రం టేప్ వేయకముందు మీరు తీసి చూడండి. ఏ మూడో ముందే చెప్పకండి. రెండు వారాలు ఒక్క తప్పూ రాకపోతే రోజుకు ఒకటి చాలు. మీరు అన్నీ మళ్ళీ విప్పి చూసే పని అక్కడితో ఆగిపోతుంది.

మొహమాటం గురించి అడిగారు. ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, ఆర్డర్ నంబర్, ఏం జరిగింది, ఆరింటిలో ఏ దశలో. ఎవరు చేశారనే గడి అందులో ఉండకూడదు. మీరు చేసిన తప్పులు కూడా, అంటే తప్పు ప్రింట్ తీయడం, మెసేజ్‌లో వచ్చిన మార్పు స్లిప్ మీద రాయడం మరిచిపోవడం లాంటివి, అందులోనే రాయండి. వారానికి ఒకసారి ఇద్దరూ కూర్చుని చూసుకోండి. ‘మూడో దశలో రెండు జారాయి మామయ్యా, అక్కడ ఏం ఇబ్బందిగా ఉంది?’ అని అడగడం, ‘మీరు రెండుసార్లు తప్పు చేశారు’ అనడం కంటే మీకూ సులువు, ఆయనకూ బాధ ఉండదు. జవాబుగా ఆయన చెప్పేది వినండి. స్లిప్ మీద అక్షరాలు చిన్నవిగా ఉన్నాయనో, మధ్యాహ్నం ఆ బల్ల దగ్గర వెలుతురు చాలడం లేదనో చెప్పొచ్చు. అప్పుడు మార్చాల్సింది ప్రింట్ సైజునో లైటునో. అక్షరాలు కనబడక తప్పులు జరుగుతుంటే ఎంత మంచి చెక్‌లిస్ట్ ఉన్నా పనికిరాదు.

రోజువారీ వరుస కూడా తప్పులను తగ్గిస్తుంది, ఎందుకంటే చాలా తప్పులు కొరియర్ అబ్బాయి గుమ్మంలో నిలబడి ఉన్న చివరి అరగంటలోనే జరుగుతాయి. మీకు పికప్ సాయంత్రం నాలుగింటికి అనుకుంటే, ఉదయం పదకొండు తరువాత వచ్చిన ఆర్డర్లు మరుసటి రోజువే. దీన్ని మీ ఆన్‌లైన్ పేజీలో కూడా రాసి పెట్టండి, అప్పుడు ‘ఈ ఒక్కటీ ఈరోజే’ అనే ఒత్తిడి మీ మీద ఉండదు. పదకొండున్నరకు స్లిప్పులు, లేబుల్స్ ప్రింట్ తీసి జతచేసే పని మీది. జతలు చేసేది ఒక్కరే అయితే మంచిది. ఆలోపు మామయ్యగారు డబ్బాలు నింపి, ఏ రకం తక్కువగా ఉందో చెబుతారు. సబ్బు లేదని సగం సర్దిన పెట్టె పక్కన పెట్టే అవసరం రాకూడదు, వస్తే ఆ ట్రే స్లిప్‌తో సహా వేరే బల్ల మీదకు వెళ్ళాలి. భోజనానికి ముందు ట్రేలు, భోజనం తరువాత పెట్టెలు, మూడింటికల్లా అంతా మూసేయాలి. ఆ గంట ఖాళీ ఉండడం వృథా కాదు, ఏదైనా తప్పు బయటపడితే సరిదిద్దుకోవడానికి అదే సమయం.

మధ్యలో ఫోన్ వచ్చినా, ఎవరైనా పిలిచినా ఆయన వెళ్ళొచ్చు. కానీ వెళ్ళేముందు స్లిప్‌ను బోర్లా తిప్పి పెట్టాలి. తిరిగొచ్చాక బోర్లా ఉన్న స్లిప్ కనిపిస్తే, ఆ పెట్టెలో ఉన్నవన్నీ ట్రేలోకి తీసేసి ఆ ఆర్డర్ మొదటి నుంచి చూడాలి. ‘ఎక్కడో రెండోదాకా వచ్చాను’ అనుకుని కొనసాగించిన పెట్టెల్లోనే సబ్బు తక్కువవడమో ఎక్కువవడమో జరుగుతుంది. మూడు నాలుగు సబ్బుల ఆర్డర్ మళ్ళీ చూడడానికి పట్టేది నిమిషమే.

పార్శిళ్లు ఇచ్చేముందు నాలుగు లెక్కలు ఒకటే కావాలి. ఆరోజు ఆర్డర్ల జాబితాలో ఎన్ని ఉన్నాయి, బల్ల మీద పెట్టెలు ఎన్ని, ట్రాకింగ్ నంబర్లు ఎన్ని తీశారు, కొరియర్ వాళ్ళు రసీదులో ఎన్ని రాశారు. పద్దెనిమిది అంటే నాలుగు చోట్లా పద్దెనిమిదే ఉండాలి. పదిహేడు వచ్చిందంటే పంపకముందే వెతకండి, తరువాత రసీదు పట్టుకుని వాదించినా లాభం ఉండదు. ఈ లెక్క మామయ్యగారికే అప్పగించండి. కొరియర్ అబ్బాయి ముందు లెక్కపెట్టి సంతకం తీసుకునే పెద్ద మనిషి ఉంటే పార్శిల్ దారిలో పోయిందా, మన దగ్గరే ఉండిపోయిందా అన్న గొడవ కూడా రాదు.

ఇవన్నీ పెట్టాక మొదటి వారం పని నెమ్మదిస్తుంది. ఆ వారం మీ ఆన్‌లైన్ పేజీలో పంపే గడువును ఒకరోజు ఎక్కువగా చూపించండి. నోట్‌బుక్‌లో ఒకే దశ మూడు వారాలు వరసగా కనిపిస్తే మాత్రం ఆ దశను ఆయనకు మళ్ళీ నేర్పకండి, మార్చేయండి. ఉదాహరణకు సరిచూసే దగ్గరే తప్పులు ఆగకపోతే, ట్రేలు, టేప్, లేబుల్, లెక్క ఆయనవి, రెండో టిక్ మీది. ఇరవై ఆర్డర్లకు అది మీకు అరగంట పని.